సగం అమ్మి స్టాప్‌ను కాస్ట్‌కి జరపాలా, టార్గెట్ దాకా మొత్తం పట్టుకోవాలా?

పర్లాకిమిడిలో మా బావ బట్టల కొట్టు వెనక గదిలో ముగ్గురం కూర్చుని ట్రేడ్ చేస్తాం. బావ, నేను, రిటైరైన లెక్కల మాస్టారు. ఒకరోజు బావా మాస్టారూ ఒకే షేరు ఒకే సమయంలో కొన్నారు. 500 దగ్గర 200 షేర్లు. నష్టం పెరగకుండా అమ్మేసే ధర, అంటే స్టాప్, 490. లాభంతో అమ్మే టార్గెట్ 520. పదకొండు కాకముందే ధర 510 దాటింది. బావ వెంటనే 100 షేర్లు అమ్మేసి, మిగిలిన వందకి స్టాప్‌ను కొన్న ధరకి, అంటే కాస్ట్ అయిన 500కి జరిపాడు. మాస్టారు ఏమీ ముట్టుకోలేదు. పావుగంటలో ధర 499కి దిగింది, బావ బయటికొచ్చేశాడు. రెండు గంటలకి అదే షేరు 521.

బావకి వెయ్యి రూపాయలు, మాస్టారికి నాలుగు వేలు. ట్రేడ్లు రాసుకునే ఇద్దరి పుస్తకాల్లోనూ అది "గెలుపు" అనే పడింది. తర్వాతి వారం దానికి తలకిందులుగా జరిగింది. 510 తాకిన షేరు తిన్నగా 490కి పడింది. బావకి మళ్లీ వెయ్యి లాభం, మాస్టారికి రెండు వేల నష్టం. "చూశారా మాస్టారూ, సగం బుక్ చేసుకుంటే గుండె నిమ్మళం" అన్నాడు బావ. "నిమ్మళం సంగతి సరే, డబ్బు సంగతి పుస్తకం చూసి చెప్పు" అన్నారాయన. ఆ పుస్తకాన్ని ఎలా చూడాలో నేర్చుకోవడానికి మాకు చాలా రోజులు పట్టింది. ఇదే సందిగ్ధంలో ఉన్నవాళ్ల కోసం అది వివరంగా రాస్తున్నాను.

## ముందు దేన్ని బట్టి పోల్చాలి

ఈ పద్ధతుల్ని గెలుపు శాతంతో పోల్చడం అలవాటైపోయింది. టెలిగ్రామ్‌లో టిప్పులిచ్చేవాళ్లు "మొదటి టార్గెట్‌లో సగం బుక్ చేయండి, మిగతాది కాస్ట్ స్టాప్‌లాస్‌తో ఉంచండి" అని చెప్పి, మొదటి టార్గెట్ తాకిన ప్రతిదాన్నీ గెలుపు కింద వేసుకుని పెద్ద శాతం చూపిస్తారు. ఆ శాతం అబద్ధం కానక్కర్లేదు. కానీ దాని వెనక ఎంత డబ్బు ఉందో అది చెప్పదు.

నా ఉద్దేశంలో చూడాల్సిన వరస ఇది. మొదట, వంద ట్రేడ్ల తర్వాత చేతిలో ఎంత మిగిలింది. రెండోది, దారిలో వరసగా ఎన్ని నష్టాలు తగులుతాయి, వాటిని మీరు తట్టుకోగలరా. మూడోది, మీ పరిమాణం సగం చేయడానికి వీలవుతుందా, చేస్తే ఖర్చు ఎంత పెరుగుతుంది. గెలుపు శాతం వీటి తర్వాతే. అది కూడా సున్నా దగ్గర బయటపడ్డ ట్రేడ్లను ఎందులో వేశారో తెలిసినప్పుడే పనికొస్తుంది.

ఇకపై రూపాయలకు బదులు "ఆర్" అని రాస్తాను. ట్రేడ్ తీసుకున్నప్పుడు పోగొట్టుకోవడానికి సిద్ధపడ్డ మొత్తం ఒక ఆర్. పై ఉదాహరణలో షేరుకి 10 రూపాయల చొప్పున 200 షేర్లు, అంటే 2,000 రూపాయలు. 510 అంటే 1 ఆర్, 520 అంటే 2 ఆర్. బావ రెండుసార్లూ సంపాదించింది అర ఆర్.

## ప్రతి ట్రేడ్‌కీ నాలుగు గతులే

మాస్టారు బోర్డు మీద లెక్క చెప్పినట్టు చెప్పింది ఇదే. 2 ఆర్ టార్గెట్, 1 ఆర్ స్టాప్ పెట్టిన ట్రేడ్ చివరికి ఈ నాలుగింటిలో ఒకటవుతుంది.

- నేరుగా పడినవి: 510 చూడకుండానే 490కి దిగిపోయినవి.
- నేరుగా వెళ్లినవి: 510 తాకి, మళ్లీ 500కి రాకుండా 520 చేరినవి.
- తిరిగొచ్చి వెళ్లినవి: 510 తాకి, 500కి వచ్చి, తర్వాత 520 చేరినవి.
- తిరిగొచ్చి పడినవి: 510 తాకి, 500కి వచ్చి, అక్కడి నుంచి 490కి పడినవి.

మీరు ఏ పద్ధతి పాటించినా షేరు గతి మారదు. ఆ గతిలో మీకు ముట్టేది మాత్రమే మారుతుంది. ఐదు పద్ధతుల్లో ఎంత ముడుతుందో కింద ఉంది, అంకెలన్నీ ఆర్‌లలో.

| పద్ధతి | నేరుగా పడినవి | నేరుగా వెళ్లినవి | తిరిగొచ్చి వెళ్లినవి | తిరిగొచ్చి పడినవి |
|---|---|---|---|---|
| మొత్తం పట్టు | −1 | +2 | +2 | −1 |
| మొత్తం ఉంచి, కాస్ట్ స్టాప్ | −1 | +2 | 0 | 0 |
| సగం అమ్మి, పాత స్టాప్ | −1 | +1.5 | +1.5 | 0 |
| సగం అమ్మి, కాస్ట్ స్టాప్ | −1 | +1.5 | +0.5 | +0.5 |
| 1 ఆర్‌లోనే మొత్తం అమ్మకం | −1 | +1 | +1 | +1 |

మొదటి గడి అన్ని పద్ధతుల్లోనూ ఒకటే. అసలు చెడ్డ ట్రేడ్లను, అంటే కొన్న దగ్గర్నుంచి కిందికే పోయినవాటిని, వీటిలో ఏదీ కాపాడదు. ఈ చర్చంతా 1 ఆర్ తాకిన ట్రేడ్ల గురించే.

## నాణెం ఎగరేసి కొన్నా గెలుపు శాతం పెరుగుతుంది

ఎలాంటి నైపుణ్యమూ లేకుండా, కళ్లు మూసుకుని కొన్నామనుకోండి. ధర ఎటు పోవడానికైనా సమాన అవకాశం ఉంటే, 120 ట్రేడ్లలో సగటున 60 నేరుగా పడతాయి, 30 నేరుగా వెళ్తాయి. తిరిగొచ్చే 30లో 10 వెళ్తాయి, 20 పడతాయి. ఎందుకంటే 500 దగ్గర నుంచి 490 పది రూపాయల దూరం, 520 ఇరవై రూపాయల దూరం. రెట్టింపు దూరం ఉన్నచోటికి చేరే అవకాశం సగమే.

ఈ అంకెలను పై పట్టికలో వేస్తే ఐదు పద్ధతుల్లోనూ మొత్తం సున్నాయే వస్తుంది. కావాలంటే కాగితం మీద వేసి చూడండి. కానీ గెలుపు శాతం చూడండి. మొత్తం పట్టుకున్నవాడికి 120లో 40 గెలుపులు, 33 శాతం. సగం అమ్మి కాస్ట్‌కి జరిపినవాడికి 60 గెలుపులు, 50 శాతం. మొత్తం ఉంచి కాస్ట్‌కి మాత్రమే జరిపినవాడికి 30 గెలుపులు, 30 సున్నాలు, 60 నష్టాలు. అతని గెలుపు శాతం 25కి పడిపోతుంది. సున్నాలను లెక్కలోంచి తీసేస్తే మళ్లీ 33 అవుతుంది.

డబ్బు ఒక్క రూపాయి కూడా మారలేదు, శాతం మాత్రం 25 నుంచి 50 దాకా ఊగింది. ఇది చూశాక బావ చాలాసేపు మాట్లాడలేదు. "నా పుస్తకంలో గెలుపు 55 శాతం ఉందే, దాని సంగతేంటి మరి?" అని చివరికి అడిగాడు. గెలిచినప్పుడు సగటున ఎంత వస్తుందో తెలియకపోతే ఆ 55కి అర్థం లేదు. సగటు గెలుపు 2 ఆర్ ఉన్నవాడికి 33 శాతం గెలిస్తే అసలు దక్కుతుంది. సగటు గెలుపు 1 ఆర్ ఉన్నవాడికి 50 శాతం కావాలి. సగం అమ్మడం అంటే సగటు గెలుపును కిందికి తెచ్చి, కావాల్సిన శాతాన్ని పైకి లేపుకోవడమే.

## నైపుణ్యం ఉన్నప్పుడు: రెండు పుస్తకాలు

నిజంగా కొంత అంచనా ఉన్నవాళ్ల పరిస్థితి వేరు. లెక్క అర్థం కావడానికి రెండు నమూనా పుస్తకాలు తీసుకుందాం, ఒక్కొక్కదానిలో 120 ట్రేడ్లు. మొదటిది బ్రేకౌట్, అంటే షేరు చాలా రోజులు ఆగిన ధరను దాటగానే కొనేవాడిది. రెండోది బాగా పడిన షేరు కాస్త లేస్తుందని కొనేవాడిది.

| | నేరుగా పడినవి | నేరుగా వెళ్లినవి | తిరిగొచ్చి వెళ్లినవి | తిరిగొచ్చి పడినవి |
|---|---|---|---|---|
| బ్రేకౌట్ పుస్తకం | 54 | 34 | 18 | 14 |
| పడినప్పుడు కొనే పుస్తకం | 48 | 26 | 8 | 38 |

ఒక్కో పద్ధతికి వచ్చే ఫలితం:

| పద్ధతి | బ్రేకౌట్: మొత్తం | బ్రేకౌట్: గెలుపు | పడినప్పుడు: మొత్తం | పడినప్పుడు: గెలుపు |
|---|---|---|---|---|
| మొత్తం పట్టు | +36 ఆర్ | 43% | −18 ఆర్ | 28% |
| మొత్తం ఉంచి, కాస్ట్ స్టాప్ | +14 ఆర్ | 28% | +4 ఆర్ | 22% |
| సగం అమ్మి, పాత స్టాప్ | +24 ఆర్ | 43% | +3 ఆర్ | 28% |
| సగం అమ్మి, కాస్ట్ స్టాప్ | +13 ఆర్ | 55% | +14 ఆర్ | 60% |
| 1 ఆర్‌లోనే మొత్తం అమ్మకం | +12 ఆర్ | 55% | +24 ఆర్ | 60% |

బ్రేకౌట్ పుస్తకంలో ఎక్కువ గెలుపు శాతం ఉన్న రెండు పద్ధతులే తక్కువ డబ్బు మిగిల్చాయి. 36 ఆర్ రావాల్సిన చోట 13తో సరిపెట్టుకున్నవాడు "నాకు 55 శాతం" అని సంతోషపడుతుంటాడు. రెండో పుస్తకంలో కథ తిరగబడింది. అక్కడ మొత్తం పట్టుకున్నవాడు మునిగిపోయాడు, సగం అమ్మినవాడు నిలబడ్డాడు.

కానీ అదే వరసలో ఇంకో విషయం ఉంది, అది చూడకుండా చాలామంది ఆగిపోతారు. రెండో పుస్తకంలో సగం అమ్మి కాస్ట్‌కి జరిపినవాడికి +14, 1 ఆర్‌లోనే మొత్తం అమ్మేసినవాడికి +24. సగం అమ్మడం ఎక్కడ బాగా పనిచేసిందో, అక్కడ మొత్తం అమ్మడం ఇంకా బాగా పనిచేసింది.

## సగం అమ్మడం కొత్త పద్ధతి కాదు, రెండింటి సగటు

నేను మనస్ఫూర్తిగా చెప్పదలచుకున్నది ఇదే. 200 షేర్లలో 100 షేర్లు 510కి అమ్మితే, ఆ 100 షేర్ల మీద మీరు "1 ఆర్‌లో మొత్తం అమ్మకం" పద్ధతి పాటించారు. మిగిలిన 100 మీద "కాస్ట్ స్టాప్" పద్ధతి పాటించారు. రెండు చిన్న ట్రేడ్లు పక్కపక్కన నడిపారు, అంతే. కాబట్టి ఫలితం ఎప్పుడూ ఆ రెండు పద్ధతుల సగటే. బ్రేకౌట్ పుస్తకంలో 12, 14ల సగటు 13. రెండో పుస్తకంలో 24, 4ల సగటు 14. పాత స్టాప్ ఉంచిన వరస కూడా అంతే: 12, 36ల సగటు 24.

సగటు ఎప్పుడూ ఆ రెండింటిలో పెద్దదాన్ని మించదు. జీడిపిక్కల బస్తాల్లో సగం సీజన్ మొదట్లో, సగం చివర్లో అమ్మిన వ్యాపారికి ఏ ఏడూ అన్నిటికన్నా మంచి ధర మొత్తం సరుకుకి రాదు, అన్నిటికన్నా చెడ్డ ధరా రాదు. అతను కొనుక్కున్నది నడిమధ్య. ఏ ధర మంచిదో అతనికి ముందే తెలిస్తే సగం చేయాల్సిన పని లేదు.

కాబట్టి ఏ సగం మంచిదో మీ పుస్తకం స్పష్టంగా చెబుతుంటే, రెండో సగం మీద మీరు కావాలని డబ్బు వదులుకుంటున్నట్టు. పుస్తకం ఇంకా చెప్పలేకపోతున్నప్పుడు మాత్రం సగం చేయడం న్యాయమైన పని. తప్పు వైపు పూర్తిగా నిలబడే ప్రమాదం తప్పుతుంది.

## కాస్ట్‌కి జరపడం: ఒక్క ప్రశ్నతో తేలుతుంది

సగం అమ్మాలా వద్దా అన్నది ఒక నిర్ణయం, స్టాప్‌ను కాస్ట్‌కి జరపాలా అన్నది ఇంకొకటి. రెండూ ఒకే నోటితో చెప్పడం అలవాటై, ఒకటే అనిపిస్తాయి.

కాస్ట్‌కి జరిపితే, తిరిగొచ్చి పడిన ప్రతి ట్రేడ్‌లో 1 ఆర్ మిగులుతుంది. తిరిగొచ్చి వెళ్లిన ప్రతి ట్రేడ్‌లో 2 ఆర్ పోతుంది. అంటే పడినవి వెళ్లినవాటికి రెట్టింపు కన్నా ఎక్కువ ఉంటేనే జరపడం లాభం. సగం అమ్మిన తర్వాత మిగిలిన సగానికీ ఇదే నిష్పత్తి వర్తిస్తుంది. బ్రేకౌట్ పుస్తకంలో వెళ్లినవి 18, పడినవి 14. పడినవి 36 దాటాలి, దగ్గర్లో కూడా లేవు. అక్కడ జరపడం తప్పు. రెండో పుస్తకంలో వెళ్లినవి 8, పడినవి 38. అక్కడ జరపడం సబబు.

బ్రేకౌట్ కొనేవాళ్లకి ఇది ఎందుకు ఎక్కువ దెబ్బ తీస్తుందో చార్ట్ చూస్తే తెలుస్తుంది. చాలా రోజులు 498 దగ్గర ఆగిన షేరు దాన్ని దాటగానే మనం 500కి కొంటాం. దాటిన ధర కాస్త పైకి వెళ్లి, పాత అడ్డంకిని తాకడానికి కిందికి రావడం మామూలే. అంటే అది రావాల్సిన చోటే మన కొన్న ధర ఉంది, సరిగ్గా అక్కడే మనం స్టాప్ పెట్టుకున్నాం. 500 అన్న అంకె మనకి ముఖ్యం. మార్కెట్‌లో మిగతావాళ్లకి ముఖ్యమైనది 498. స్టాప్ ఎక్కడైనా కదపాలంటే ఆ వెనక్కి వచ్చిన కదలిక ఏర్పరచిన కొత్త అడుగు కిందికి కదపండి. ఆ అడుగు ఇంకా ఏర్పడకపోతే కదపకుండా వదిలేయండి. మీరు చూసే క్యాండిల్ మామూలుగా ఊగే దూరం 1 ఆర్‌కి దగ్గరగా ఉంటే, కాస్ట్ స్టాప్ ఆ ఊపులోనే తగులుతుంది. అప్పుడు అసలు స్టాపే దగ్గరగా పెట్టినట్టు.

ఇంకొకటి, పేరుకి "కాస్ట్" అయినా అది సున్నా కాదు. డెలివరీలో, అంటే షేరును ఆ రోజే అమ్మకుండా ఉంచుకునేటప్పుడు, కొన్నా అమ్మినా 0.1 శాతం చొప్పున ఎస్‌టీటీ అనే పన్ను పడుతుంది. లక్ష రూపాయల షేర్లు 500కి కొని 500కే అమ్మితే ఆ ఒక్కదానికే రెండు వందలు పోతాయి. స్టాంపు, డీమ్యాట్ ఖాతాలోంచి అమ్మినప్పుడు పడే డీపీ ఛార్జీ కలిపితే అసలు దక్కే ధర 501 దాటుతుంది. రాత్రి ఉంచిన షేరు పొద్దున 494 దగ్గర తెరుచుకుంటే 500 స్టాప్ 494 దగ్గరే అమ్ముతుంది. పై పట్టికలో నేను సున్నా అని రాసిన గడి నిజంలో ఎప్పుడూ సున్నాకి కాస్త కిందే ఉంటుంది.

## ఖర్చూ ఆర్డర్లూ

ఇంట్రాడేలో ఆర్డర్‌కి 20 రూపాయల బ్రోకరేజ్ ఉంటే, సగం అమ్మడానికి ఒక ఆర్డర్ పెరుగుతుంది. జీఎస్‌టీతో 23 రూపాయల 60 పైసలు. బ్రేకౌట్ పుస్తకంలో 66 ట్రేడ్లు 1 ఆర్ తాకాయి కాబట్టి మొత్తం 1,560 దాకా, అంటే 2,000 రూపాయల ఆర్‌లో నాలుగింట మూడు వంతుల పైన. ఆర్ 500 రూపాయలే ఉన్నవాడికి అదే ఖర్చు 3 ఆర్ దాటుతుంది. డెలివరీలో డీపీ ఛార్జీ, ఎన్ని షేర్లు అమ్మినా, ఒక్కో కంపెనీకి రోజుకి ఒకసారి పడుతుంది. సగం సోమవారం, సగం గురువారం అమ్మితే రెండుసార్లు కట్టాలి.

ఇవి చిన్నవనిపిస్తాయి. మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024 జూలైలో ఇచ్చిన అధ్యయనంలో 2022-23లో క్యాష్ మార్కెట్‌లో ఇంట్రాడే చేసిన పదిమందిలో ఏడుగురు నష్టపోయారని తేలింది. నష్టపోయినవాళ్లు ఆ నష్టానికి పైన దానిలో 57 శాతం దాకా ఖర్చుల కింద కట్టారు.

ఖర్చు కన్నా పెద్ద ప్రమాదం పరిమాణం మార్చడం మర్చిపోవడం. నాకు ఒకసారి జరిగింది. 200 షేర్లకి స్టాప్ ఆర్డర్ పెట్టి, 510 దగ్గర 100 అమ్మి, పాత ఆర్డర్‌ను 100కి తగ్గించకుండా భోజనానికి ఇంటికి వెళ్లాను. ధర దిగింది, స్టాప్ 200 షేర్లూ అమ్మేసింది. నా దగ్గరున్నవి 100. తిరిగొచ్చేసరికి నాకు తెలియకుండా 100 షేర్ల షార్ట్‌లో, అంటే నా దగ్గర లేనివి అమ్మేసి, ఉన్నాను, ధర పైకి లేస్తోంది. డెలివరీలో జీటీటీ, అంటే ధర తాకేదాకా రోజుల తరబడి నిలిచి ఉండే ఆర్డర్, పెట్టినా ఇదే జాగ్రత్త కావాలి. సగం అమ్మిన వెంటనే మొదటి పని మిగిలిన ఆర్డర్ పరిమాణం మార్చడం, స్టాప్ ధర సంగతి ఆ తర్వాతే. కొట్టులో కూర్చుని గిరాకీ చూసుకుంటూ ట్రేడ్ చేసేవాళ్లకి ఈ ఒక్క కారణం చాలు, సగం చేయకుండా ఉండడానికి. కొంటూనే స్టాప్, టార్గెట్ రెండూ, ఒకటి తగిలితే రెండోది దానంతటదే రద్దయ్యేలా పెట్టేసి ఫోన్ జేబులో వేసుకోవచ్చు.

## ఎవరికి ఏది

ట్రెండ్ పట్టుకునేవాళ్లకి, బ్రేకౌట్ కొనేవాళ్లకి మొత్తం పట్టుకోవడమే నా సలహా. కానీ ఒక ఇబ్బంది ఉంది, అది చిన్నది కాదు. 43 శాతం గెలిచేవాడికి ఏ రోజు మొదలుపెట్టినా వరసగా ఐదు నష్టాలు తగిలే అవకాశం వందకి ఆరు. 55 శాతం వాడికి రెండు కన్నా తక్కువ. ఏడాది పొడుగునా ట్రేడ్ చేస్తే ఆ ఐదు వరసగా దాదాపు తప్పక తగులుతాయి. ఆరో ట్రేడ్ తీసుకోకుండా ఒగ్గేసినవాడికి +36 అందదు. ఆ ఆరో ట్రేడే పెద్దది కావచ్చు.

ఇక్కడే బావ, "అందుకే కదా సగం అమ్మేది" అంటాడు. మాస్టారు దానికి చెప్పిన జవాబు నాకు అన్నిటికన్నా నచ్చింది. మనసు తట్టుకోలేకపోతే ట్రేడ్‌ను సగం చేయకు, పరిమాణాన్ని సగం చెయ్. 200 బదులు 100 షేర్లు కొని మొత్తం పట్టుకుంటే బ్రేకౌట్ పుస్తకంలో +36లో సగం, అంటే +18 వస్తుంది. సగం అమ్మి కాస్ట్‌కి జరిపినవాడికి 200 షేర్లతో వచ్చింది +13. పైగా నష్టం వచ్చిన ప్రతిసారీ పోయేది ఒక ఆర్ కాదు, అర ఆర్. ఖాతా ఊగేది కూడా తక్కువే. గెలుపు శాతం మాత్రం 43 దగ్గరే ఉంటుంది, వరస నష్టాల సంఖ్యా తగ్గదు. మిమ్మల్ని బాధపెట్టేది రూపాయలైతే ఈ దారి పనిచేస్తుంది. ఓడిపోవడమే బాధ అయితే పనిచేయదు. ఆ తేడా ఎవరికి వాళ్లే చూసుకోవాలి.

పడినప్పుడు కొని చిన్న లేపుకి అమ్మేవాళ్లు సగం ఆట మానేసి మొదటి టార్గెట్‌లో మొత్తం అమ్మేయడం మేలు. "ఒకవేళ ఇంకా పోతే" అన్న ఆశకి ఉంచే సగం ఇలాంటి ట్రేడ్లలో తరచూ కాస్ట్‌కే తిరిగొస్తుంది.

ఒకే లాట్ ఫ్యూచర్స్ చేసేవాళ్లకి, లాట్‌ను విడగొట్టలేరు కాబట్టి, సగం అమ్మే దారే లేదు. సగం చేయడం కోసమే రెండు లాట్లకి వెళ్లడం నేను చూసిన అత్యంత ఖరీదైన తప్పు, ఎందుకంటే నేరుగా పడే ట్రేడ్లలో నష్టం రెట్టింపవుతుంది. వాళ్ల ముందున్న ప్రశ్న ఒకటే, కాస్ట్‌కి జరపాలా వద్దా. దానికి పైన చెప్పిన రెట్టింపు లెక్క చాలు.

కొత్తగా మొదలుపెట్టినవాళ్లు, పుస్తకంలో ఇంకా యాభై ట్రేడ్లు కూడా లేనివాళ్లు, సగం అమ్మి పాత స్టాప్ ఉంచుకోవచ్చు. నష్టం తగ్గించుకుంటూ, స్టాప్ కదపకపోవడం వల్ల ట్రేడ్ చివరికి ఏమైందో కూడా చూడగలుగుతారు.

## పుస్తకం ఎలా రాయాలి

మీరు బయటికొచ్చాక కూడా షేరును చూడాలి, అదే ముఖ్యమైన పని. కాస్ట్ దగ్గర బయటపడితే పుస్తకంలో "0" అని రాసి ఊరుకోకండి. మొదట పెట్టుకున్న 490, 520లలో ఏది ముందు తాకిందో సాయంత్రం చార్ట్‌లో చూసి నాలుగు గతుల్లో ఒకటి రాయండి. రోజు క్యాండిల్‌లో రెండూ ఉంటే ఏది ముందో తెలియదు కాబట్టి పదిహేను నిమిషాల చార్ట్‌కి దిగండి. అక్కడా తేలకపోతే 490 ముందు తాకిందనే రాసుకోండి. మార్కెట్ ముగిసే వేళకి ఏదీ తాకని ఇంట్రాడే ట్రేడ్లకి వేరే వరస పెట్టండి, వాటిని బలవంతంగా ఏదో ఒకదానిలో వేయకండి.

తర్వాత చివరి రెండు గడుల కోసం ఓపిక పట్టాలి. తిరిగొచ్చినవి పది ఉన్నప్పుడు వెళ్లినవి నాలుగు, పడినవి ఆరు అని తేలితే అది ఏమీ చెప్పదు. ఇంకో మూడు ట్రేడ్లతో తిరగబడొచ్చు. ముప్పై దాకా పోగైతే నిష్పత్తి ఒకవైపు గట్టిగా ఒరిగిందో లేదో కనిపిస్తుంది. బ్రేకౌట్లనూ పడినప్పుడు కొన్నవాటినీ ఒకే పుస్తకంలో కలిపితే రెండూ ఒకదాన్నొకటి కప్పేసుకుని దేనికి ఏ పద్ధతి సరిపోతుందో కనిపించదు. విడివిడిగా రాయండి.

బావ పుస్తకంలో ఇప్పటికి తిరిగొచ్చినవి పదకొండు. ఆరు వెళ్లాయి, ఐదు పడ్డాయి. ముప్పై అయ్యేదాకా ఆగుదామని అనుకున్నాం. అప్పటిదాకా అతను వంద షేర్లే కొని, మొత్తం పట్టుకుంటున్నాడు.